వాచీ ముళ్ల మీది వెలుగు: ఏది తరుగుతోంది?

చీకట్లో మెరిసే వాచీ డయల్ ఎంతకాలం మెరుస్తుందని అడిగితే మూడు జవాబులు వినిపిస్తాయి. కొత్త వాచీ అమ్మేవారు రాత్రంతా అంటారు. పాత వాచీలు సేకరించేవారు పాతికేళ్లంటారు. రేడియం గురించి చదివినవారు దాని అర్ధాయువు 1600 ఏళ్లు కదా, అప్పటిదాకా ఉండాలిగా అంటారు. ఈ మూడింటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. కాకపోతే ఒక్కొక్కరు ఒక్కొక్క పదార్థం గురించి, ఒక్కొక్క రకమైన తరుగుదల గురించి మాట్లాడుతున్నారు. వందేళ్లకు పైగా డయల్ మీద పూసిన మెరుపు రంగులన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే ఈ చర్చ ఇంత చిక్కుపడింది.

చిక్కు విడాలంటే ప్రతి రంగునూ రెండు ప్రశ్నలు విడివిడిగా అడగాలి. దానికి శక్తి ఎక్కడినుంచి వస్తోంది? ఆ శక్తిని కంటికి కనిపించే కాంతిగా మార్చేదెవరు? శక్తినిచ్చేది ఒకటి, మార్చేది మరొకటి. రెండూ ఒకే వేగంతో పాతబడవు. వెలుగు తగ్గిందంటే రెండింట్లో ఏది నీరసించిందో చూడాలి.

రేడియం ఉంది, వెలుగు లేదు

క్యూరీ దంపతులు 1898లో రేడియాన్ని కనుగొన్నారు. జింక్ సల్ఫైడ్ మెరుస్తుందన్న సంగతి అంతకు ముప్పై ఏళ్ల ముందే, ఫ్రెంచ్ రసాయనశాస్త్రవేత్త సిడో 1866లో చేసిన పని వల్ల తెలిసింది. రెండింటినీ కలిపితే ఏమవుతుందో విలియం క్రూక్స్ 1903లో చిన్న గొట్టంలో అమర్చి చూపించాడు. జింక్ సల్ఫైడ్ తెర పక్కన ఇసుమంత రేడియం ఉంచి భూతద్దంలోంచి చూస్తే తెర నిలకడగా వెలగదు. చుక్కచుక్కగా మిణుకుమంటుంది. ఒక్కో మిణుకు ఒక ఆల్ఫా కణం వచ్చి తగిలిన చోటు.

డయల్ మీద జరిగేదీ ఇదే. ఆల్ఫా కణం దాదాపు 48 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో జింక్ సల్ఫైడ్ స్ఫటికంలోకి దూసుకుపోతుంది. ఒక ఆకుపచ్చ కాంతి కణానికి రెండున్నర ఎలక్ట్రాన్ వోల్టులు సరిపోతాయి కాబట్టి, శక్తిలో చాలా భాగం వేడిగా పోయినా ఒక్క దెబ్బకు లక్షల కాంతి కణాలు పుడతాయి. ఎండ తగలనక్కర్లేదు, దీపం కింద పెట్టనక్కర్లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికుడికి ఇంతకంటే కావలసిందేముంది?

చిక్కల్లా ఆ దెబ్బలోనే ఉంది. ఆల్ఫా కణం కాంతిని పుట్టించడంతో ఆగదు. దారిలో స్ఫటికంలోని పరమాణువుల అమరికనూ చెదరగొడుతుంది. చెదిరిన చోట శక్తి కాంతిగా కాక వేడిగా మారిపోతుంది. ఏళ్ల తరబడి ఇలా తగిలిన దెబ్బలు పేరుకుని కొన్నేళ్లకే వెలుగు తగ్గడం మొదలవుతుంది, కొన్ని దశాబ్దాలకు డయల్ గోధుమరంగుకు తిరిగి ఆరిపోతుంది. 1950 నాటి వాచీనే తీసుకోండి. 75 ఏళ్లు గడిచాయి. 1600 ఏళ్ల అర్ధాయువుతో లెక్కవేస్తే అందులో ఇంకా దాదాపు 97 శాతం రేడియం ఉండాలి, ఉంది కూడా. వెలుగు మాత్రం సున్నా. పైగా రంగులో రేడియం ఎంత ఎక్కువ కలిపితే మొదట్లో అంత ప్రకాశం, తర్వాత అంత తొందరగా క్షయం. 1600 ఏళ్ల అంకె వెలుగుకు వర్తించదు. వర్తించేది ప్రమాదానికి. చీకట్లో ఏమీ కనిపించని పాత డయల్‌ను నిరపాయమనుకుని విప్పడం కంటే పెద్ద పొరపాటు ఈ రంగంలో లేదు. ఎండి పొడిపొడిగా రాలే ఆ రంగు ఊపిరిలోకి పోతే తర్వాత చేయగలిగింది తక్కువ.

దాని మూల్యం ఏమిటో న్యూజెర్సీలోని ఆరెంజ్ పట్టణంలో తేలింది. అక్కడి కర్మాగారంలో డయళ్లకు రంగువేసే యువతులు కుంచె మొనను పెదవులతో సన్నం చేసుకునేవారు. రేడియం శరీరంలో కాల్షియంలా నడుచుకుంటుంది కనుక నేరుగా ఎముకల్లో చేరి దవడలను తినేసింది. వారిలో గ్రేస్ ఫ్రయర్, మరో నలుగురు వేసిన దావా 1928లో రాజీతో ముగిసింది. ఆ రంగును రూపొందించిన సేబిన్ వాన్ సొషాకీ కూడా అదే ఏడాది రక్తం క్షీణించి చనిపోయాడు.

బలహీనమైన వికిరణం, కొత్త లెక్క

1960ల నుంచి రేడియం స్థానంలోకి ట్రిటియం వచ్చింది. వెలుగునిచ్చేది మళ్లీ జింక్ సల్ఫైడే. శక్తినిచ్చే మూలకం మాత్రం మారింది. ట్రిటియం విడిచే బీటా కణం సగటు శక్తి 5.7 వేల ఎలక్ట్రాన్ వోల్టులే. వాచీ అద్దాన్ని సైతం దాటలేదు, స్ఫటికానికి చేసే హానీ స్వల్పం. దీని వల్ల బలహీనత తారుమారైంది. రేడియం డయల్లో ముందుగా అలసిపోయింది కాంతిగా మార్చే పదార్థం. ట్రిటియం డయల్లో ముందుగా తరిగేది శక్తినిచ్చే మూలకం. దాని అర్ధాయువు 12.3 ఏళ్లు.

డయల్ అడుగున ‘టి స్విస్ మేడ్ టి’ అని గానీ, స్విస్ పక్కన ‘టి < 25’ అని గానీ ఉంటే అది ట్రిటియం గుర్తు. 25 అంటే 25 మిల్లీక్యూరీలకు లోబడి అని. 1975 నాటి అలాంటి వాచీలో 2025 నాటికి నాలుగు అర్ధాయువులు గడిచాయి, అంటే ట్రిటియం 16వ వంతు మిగిలింది. వెలుగు అంతకంటే తక్కువే ఉంటుంది. కారణం, జింక్ సల్ఫైడూ అంటించే జిగురూ ఈ యాభై ఏళ్లలో తమ వంతు పాడయ్యాయి, ట్రిటియంలో కొంత పూతలోంచి మెల్లగా బయటికి జారిపోయింది. సేకర్తలు చెప్పే ‘పాతికేళ్లు’ ఇక్కడిదే. రెండు అర్ధాయువులు గడిచేసరికి నాలుగో వంతు మిగులుతుంది, అది వాడుకలో దాదాపు పనికిరాని స్థితి.

జపాన్ సంస్థలు అదే కాలంలో ప్రొమీథియం-147ను కూడా వాడాయి. దాని అర్ధాయువు 2.6 ఏళ్లు. 26 ఏళ్లకు వెయ్యో వంతు మిగులుతుంది. అందుకే 1960ల నాటి జపాన్ వాచీలో పూత చూడ్డానికి తాజాగా, తెల్లగా ఉన్నా చీకట్లో పలకదు.

ట్రిటియం నేటికీ బతికి ఉంది, రంగుగా కాదు, వాయువుగా. సన్నని గాజుగొట్టం లోపలి గోడకు మెరిసే పొడిని పూసి, ట్రిటియం వాయువు నింపి మూతివేస్తారు. స్విట్జర్లాండ్‌లోని ఎంబీ-మైక్రోటెక్ సంస్థ వీటికి పేరుపడింది. జిగురు లేదు, గాలి తగలదు, తేమ చేరదు. కనుక పొడి ఎక్కువకాలం నిలుస్తుంది, తరుగుదల దాదాపు అర్ధాయువు గీత వెంటే నడుస్తుంది. రాత్రి ఎనిమిదికీ తెల్లవారుజాము నాలుక్కీ ఒకే వెలుగు. పన్నెండేళ్ల తర్వాత మాత్రం సగమే.

రేడియోధార్మికత లేని దారి

రేడియోధార్మికత లేకుండా, పగటి వెలుతురును దాచుకుని రాత్రి విడిచే పొడులు కొత్తవేమీ కావు. జింక్ సల్ఫైడే ఆ పని చేయగలదు. కాకపోతే దాచుకున్నది త్వరగా ఖర్చు చేసేస్తుంది, అర్ధరాత్రికి ముల్లు కనిపించదు. ఈ లోటును 1993లో జపాన్‌కు చెందిన నెమోటో సంస్థ తీర్చింది. స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో కొద్దిపాటి యూరోపియం, డిస్ప్రోసియం కలిపితే గంటల తరబడి వెలుగునిచ్చే ఆకుపచ్చ పొడి వచ్చింది. దాని సూత్రం SrAl₂O₄:Eu,Dy. ల్యూమినోవా పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది, స్విట్జర్లాండ్‌లో ఆర్‌సీ ట్రిటెక్ చేతిలో సూపర్ ల్యూమినోవా అయింది. 1990ల చివరికి స్విస్ వాచీల్లో ట్రిటియం రంగు దాదాపు కనుమరుగైంది.

ఇందులో జరిగేది ఇది. నీలి లేదా అతినీల కాంతి యూరోపియం మీద పడినప్పుడు దానిలోని ఒక ఎలక్ట్రాన్ పైమెట్టుకు ఎగురుతుంది. చాలాసార్లు వెంటనే కిందికి దిగి ఆకుపచ్చ కాంతినిస్తుంది. కొన్నిసార్లు దిగకుండా తప్పించుకుని స్ఫటికంలో ఉన్న ఒక లోపం దగ్గర చిక్కుకుంటుంది. పరిశోధకులు దాన్ని ఉచ్చు అంటారు. గది వేడికి పరమాణువులు నిరంతరం కదులుతుంటాయి కదా, ఆ కదలికే ఎప్పుడో ఒకప్పుడు ఎలక్ట్రాన్‌ను ఉచ్చులోంచి తోసేస్తుంది. అది తిరిగి యూరోపియం దగ్గరికి చేరి, ఆలస్యంగా, అదే ఆకుపచ్చ కాంతిని విడుస్తుంది.

అంటే వెలుగు ఎంతసేపన్నది ఉచ్చు లోతును బట్టి ఉంటుంది. లోతు తక్కువైన ఉచ్చు నూతి గట్టు మీది చెంబులాంటిది, చిన్న కుదుపుకే జారిపోతుంది. మరీ లోతైతే గది వేడి చాలక ఎలక్ట్రాన్ అక్కడే ఉండిపోతుంది, ఎన్నాళ్లున్నా వెలుగుగా మారదు. గది ఉష్ణోగ్రతకు దాదాపు 0.65 ఎలక్ట్రాన్ వోల్టుల లోతు సరిగ్గా సరిపోతుంది. స్ట్రాన్షియం అల్యూమినేట్ అదృష్టం అదే. వాచీని ఫ్రిజ్‌లో పెడితే వెలుగు మందగిస్తుంది, కానీ నిల్వ ఖర్చు కాకుండా ఉంటుంది. బయటికి తీసి అరచేతిలో వెచ్చబెడితే మళ్లీ పుంజుకుంటుంది. రంగు చెడిందా, నిల్వ అయిపోయిందా అని తేల్చుకోవడానికి ఇది సులువైన పరీక్ష.

ఎవరు పట్టుకుంటున్నారు?

ఉచ్చు ఉందని అందరూ ఒప్పుకుంటారు. అది ఏమిటన్న దగ్గరే మూడు వాదాలున్నాయి.

మొదటిది ఈ పొడిని కనుగొన్న నెమోటో సంస్థవారిదే. మత్సుజావా బృందం 1996లో ప్రచురించిన పత్రంలో కదిలేది ఎలక్ట్రాన్ కాదు, ఎలక్ట్రాన్ లేని ఖాళీ అన్నది. వారి లెక్కలో యూరోపియం ఒక ఎలక్ట్రాన్ అదనంగా పొందుతుంది, డిస్ప్రోసియం ఒకటి కోల్పోయి ఆ ఖాళీని పట్టి ఉంచుతుంది. దాదాపు పదేళ్లు పాఠ్యపుస్తకాల్లో ఇదే నడిచింది. డెల్ఫ్ట్‌కు చెందిన డోరెన్‌బోస్ 2005లో దీన్ని గట్టిగా ప్రశ్నించాడు. యూరోపియం, డిస్ప్రోసియం అలాంటి విద్యుదావేశ స్థితుల్లో ఈ స్ఫటికంలో నిలవడం శక్తి లెక్కల ప్రకారం అసంభవమన్నాడు. ఆయన బొమ్మ సరిగ్గా తిరగబడ్డది. యూరోపియం ఎలక్ట్రాన్‌ను కోల్పోతుంది, డిస్ప్రోసియం దాన్ని పట్టుకుంటుంది. అదే ఏడాది ఫ్రాన్స్‌లో క్లబో బృందం మూడో మాట చెప్పింది. డిస్ప్రోసియం లేకపోయినా ఈ పొడి కొంతసేపు మెరుస్తుంది కదా, కాబట్టి అసలు ఉచ్చు ఆక్సిజన్ పరమాణువు లేని ఖాళీ చోటు, డిస్ప్రోసియం దాని లోతును సవరించడానికే పనికొస్తుంది అని.

వాదన తెగడానికి కొలతలు కావలసివచ్చాయి. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం బృందం 2011లో, ఎక్స్ కిరణాల శోషణ ద్వారా, వెలుతురు తగిలినప్పుడు యూరోపియం ఎలక్ట్రాన్‌ను కోల్పోతుందని చూపింది. మొదటి వాదానికి అది పెద్ద దెబ్బ. 2020లో అదే బృందం భాగస్వామ్యంతో వచ్చిన మరో పని, ఎలక్ట్రాన్ చేరిన డిస్ప్రోసియాన్ని నేరుగా గుర్తించింది. డోరెన్‌బోస్ వైపు తూకం బాగా మొగ్గింది. నా అంచనాలో ప్రధాన కథ తేలినట్టే. పూర్తిగా తేలలేదనడానికి కారణం ఒకటుంది. 2020 పరీక్ష జరిగింది Sr₄Al₁₄O₂₅ అనే నీలం కలిసిన ఆకుపచ్చ పొడి మీద, మనం మాట్లాడుతున్న ఆకుపచ్చ పొడి మీద కాదు. రెండూ దగ్గరి బంధువులే అయినా, డిస్ప్రోసియం లేకుండా కనిపించే ఆ కొద్ది వెలుగుకు క్లబో చెప్పిన ఖాళీలు కారణం కావని ఇంతవరకు ఎవరూ కొట్టిపారేయలేదు.

రాత్రంతా అంటే ఎన్ని గంటలు?

ట్రిటియం తరుగుదలా ఈ పొడి తరుగుదలా ఒకే గీతను అనుసరించవు. ట్రిటియంలో ప్రతి 12.3 ఏళ్లకూ సగం. పొడిలో ఉచ్చులన్నీ ఒకే లోతులో ఉండవు కనుక తక్కువ లోతువి మొదట ఖాళీ అవుతాయి, లోతైనవి నిదానంగా. ఫలితంగా వెలుగు దాదాపుగా గడిచిన సమయానికి విలోమంగా తగ్గుతుంది. దీపం ఆర్పిన 10 నిమిషాలకు ఒక డయల్ చదరపు మీటరుకు 30 మిల్లీకాండెలాలు ఇస్తోందనుకుందాం. 100 నిమిషాలకు అది 3 అవుతుంది, 1000 నిమిషాలకు, అంటే దాదాపు పదహారున్నర గంటలకు, 0.3 అవుతుంది.

తయారీదారుల గంటల లెక్క ఇక్కడినుంచే వస్తుంది. చీకట్లో మెరిసే భద్రతా సూచికల ప్రమాణాల్లో 0.32 మిల్లీకాండెలాలను అంచుగా తీసుకుంటారు. చీకటికి అలవాటుపడిన కన్ను గుర్తించగల కనిష్ఠానికి అది దాదాపు వంద రెట్లు. ఆ అంచు చేరేదాకా గడిచిన సమయమే ప్రకటనలో అంకె అవుతుంది. అది గోడ మీది పెద్ద పలకకు పెట్టిన కొలమానం. అర మిల్లీమీటరు వెడల్పున్న ముల్లును నిద్రకళ్లతో చదవడం వేరే పని. దీపం వెలుగులోంచి వచ్చిన కన్ను చీకటికి పూర్తిగా అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అందుకే ఒకే వాచీ రాత్రి పదకొండుకు దీపం ఆర్పగానే మసకగానూ, మూడింటికి మెలకువ వచ్చినప్పుడు ప్రకాశంగానూ కనిపించవచ్చు. వెలుగు పెరగలేదు, కన్ను మారింది. డైవింగ్ వాచీలకు వర్తించే ఐఎస్ఓ 6425 ప్రమాణం ఈ విషయంలో తిన్నగా మాట్లాడుతుంది, చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి సమయం చదవగలగాలంటుంది. గంటల ప్రకటనల కంటే నాకు ఈ పద్ధతే నిజాయితీగా కనిపిస్తుంది.

రెండు గీతల తేడా వల్ల మరో పర్యవసానం ఉంది, దాన్ని కొనుగోలుదారులు తరచు గమనించరు. పొడి పూతను రెట్టింపు ప్రకాశవంతం చేస్తే అది చదవగలిగే సమయమూ దాదాపు రెట్టింపవుతుంది. అందుకే దళసరిగా, తెల్లని అడుగుపూత మీద వేసిన ముల్లుకూ, పలుచగా ముద్రించిన అంకెకూ మధ్య గంటల తేడా వస్తుంది. ట్రిటియం గొట్టాన్ని రెట్టింపు ప్రకాశంతో మొదలుపెడితే కలిసొచ్చేది ఒక అర్ధాయువే, 12 ఏళ్లే. అలాగని పొడిని మెత్తగా నూరి దట్టంగా పట్టించలేం. ఈ స్ఫటికాలను నూరితే పైపొర దెబ్బతిని వెలుగు పడిపోతుంది. పెద్ద గింజలుంటే ప్రకాశం, చిన్న గింజలుంటే నున్నని పూత. ఒకేసారి రెండూ దొరకవు.

పొడి ఎప్పుడు చస్తుంది?

రేడియోధార్మికత లేదు కనుక ఈ పొడి శాశ్వతమని కరపత్రాలు సూచిస్తాయి. పొడిగా ఉన్న వాచీ లోపల అది చాలావరకు నిజమే. ఉచ్చులు ఎన్నిసార్లు నిండి ఖాళీ అయినా స్ఫటికం అరగదు. దీనికి ప్రాణాంతకం నీరు. స్ట్రాన్షియం అల్యూమినేట్ నీటితో చర్య జరిపి మరో పదార్థంగా మారిపోతుంది, మారిన భాగం ఇక మెరవదు. తయారీదారులు గింజల చుట్టూ రక్షణ పొర వేస్తారు, జిగురు కొంత అడ్డుకుంటుంది. అయినా అద్దం లోపల ఆవిరి పట్టిన వాచీలో, రబ్బరు వాషర్ పాడైన వాచీలో, అంచుల నుంచి మచ్చలు మొదలవుతాయి. డయలంతా సమంగా మసకబడితే చాలినంత వెలుతురు తగలలేదని అనుమానించాలి. మచ్చలు మచ్చలుగా ఆరితే తేమను అనుమానించాలి.

వెలుతురు తగలలేదన్న అనుమానం చాలాసార్లు నిజమవుతుంది. పొడికి కావలసింది నీలి, అతినీల కాంతి. ఎండలో కొన్ని నిమిషాలు చాలు. తెల్లటి ఎల్ఈడీ కాంతిలో నీలం ఉంటుంది కనుక ఫర్వాలేదు. పాతకాలం పసుపు బల్బు కింద ఎంతసేపున్నా సరిగ్గా నిండదు. రోజంతా పొడుగు చేతుల చొక్కా కింద దాగిన వాచీ రాత్రి వెలగలేదని ఫిర్యాదు చేస్తే దోషం రంగుది కాదు.

తెలియని పాత డయల్‌ను విప్పకుండానే కొంత గుర్తుపట్టవచ్చు. అతినీల టార్చ్ వేసి ఆపండి. గంటల తరబడి మెరిస్తే కొత్త పొడి. టార్చ్ ఉన్నంతసేపు మెరిసి, ఆపగానే కొద్దిసేపట్లో ఆరిపోతే ట్రిటియం కాలపు జింక్ సల్ఫైడ్ కావచ్చు. టార్చ్ వేసినా ఉలకకపోతే, గీగర్ కౌంటర్ అద్దం బయటినుంచే చప్పుడు చేస్తే అది రేడియం. ట్రిటియం కిరణాలు అద్దం దాటవు కనుక దాని దగ్గర కౌంటర్ మౌనంగా ఉంటుంది. పాత డయల్‌కు కొత్త రంగు వేయాలా, ఆరిన పూతనే ఉంచాలా అన్న సేకర్తల తగాదాలో ఈ పరీక్షలకే ఎక్కువ విలువ. 1950ల నాటిదని అమ్ముతున్న డయల్ టార్చ్ ఆపాక గంటల తరబడి మెరిసిందంటే, ఆ రంగు 1993 తర్వాతిదే.

ఇంకా మిగిలింది

పొడి ఇంతకంటే ఎక్కువ ఎందుకు దాచుకోలేదన్నది ప్రస్తుతం ప్రయోగశాలల్లో సాగుతున్న ప్రశ్న. యూరోపియం పరమాణువుల సంఖ్యతో పోలిస్తే నిండే ఉచ్చులు చాలా తక్కువ. ఒక వివరణ ప్రకారం అడ్డుపడేది నింపుతున్న కాంతే. నీలి కాంతి కొన్ని ఎలక్ట్రాన్లను ఉచ్చుల్లోకి పంపుతూనే, అప్పటికే చిక్కుకున్న వాటిని బయటికి తోస్తుంది. రెండు ప్రవాహాలూ సమానమైన చోట నిల్వ ఆగిపోతుంది, ఇక ఎంతసేపు ఎండలో పెట్టినా పెరగదు. గెంట్ బృందం ఈ దిశలో కొలతలు చూపించింది. ఇదే అసలు హద్దయితే ఇంకా ఎక్కువ డిస్ప్రోసియం కలపడం వల్ల ప్రయోజనం లేదు. నింపే కాంతికి కదలకుండా, వేడికి మాత్రమే వదిలే ఉచ్చు కావాలి. అలాంటి స్ఫటికం ఏదన్నది ఇంకా వెతుకులాటలోనే ఉంది.